బీట కదులుతోందా, ఆగిందా?

పూండి నుంచి వచ్చే నీళ్లు శోళవరం చెరువులో ఆగి, అక్కడి నుంచి పుళల్‌కు, పుళల్ నుంచి చెన్నై కుళాయిలకు వెళ్తాయి. 1996 నుంచి ఆ నీళ్లలో కండలేరు కాలువ మీదుగా వచ్చిన కృష్ణా నీళ్లూ కలుస్తున్నాయి. ఇక్కడి నేలకు వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన్ను నాని ముద్దవుతుంది. ఫిబ్రవరి నుంచి ఆరడం మొదలుపెట్టి, రోహిణి కార్తె నాటికి బంకమట్టి ఉన్న చోటల్లా నెర్రెలు విచ్చుకుంటుంది. చెరువు కట్ట కింద నిన్నమొన్నటి దాకా వరి పండిన మళ్లను మెరక చేసి, ప్లాట్లు వేసి కట్టిన ఇళ్లు ఈ రెండు కాలాల మధ్య ఏటా కొద్దిగా పైకి లేస్తాయి, కొద్దిగా దిగుతాయి. ఇల్లంతా ఒకే తీరున లేచి దిగితే ఎవరికీ తెలియదు. ఒక మూల ఎక్కువ, ఇంకో మూల తక్కువ కదిలినప్పుడే గోడ బీట వారుతుంది.

బీట కనబడగానే ఇంటివాళ్లు మేస్త్రిని పిలుస్తారు. మేస్త్రి దాన్ని ఉలితో కాస్త వెడల్పు చేసి, సిమెంటు కూరి, సున్నం కొట్టి వెళ్తాడు. మరుసటి వేసవికి అదే గీత మీద బీట మళ్లీ కనిపిస్తుంది. మేస్త్రి పనితనం తక్కువై కాదు. ఆ గోడ ఇంకా కదులుతోందా, ఎప్పుడో ఒకసారి కదిలి ఆగిపోయిందా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే. ఆగిపోయిన బీటకు సిమెంటు చాలు. కదులుతున్న బీటకు సిమెంటు పెట్టడమంటే కారణాన్ని వదిలేసి గుర్తును చెరిపేయడమే. మొదటిదానికి వందల్లో అయ్యే ఖర్చు, రెండోదానికి పునాది కింద పని దాకా వెళ్తే లక్షల్లోకి చేరుతుంది. కాబట్టి ముందు తేల్చాల్సింది ఇదే.

తేల్చడానికి మనవాళ్లు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి బీటకు అడ్డంగా పెళుసు వస్తువునొకదాన్ని అతికించడం. గోడ కదిలితే ఆ పెళుసు వస్తువు విరుగుతుంది. ఫ్లోరెన్సు నగరంలో 1436లో పూర్తయిన పెద్ద చర్చి గుమ్మటానికి బీటలు వస్తే, 17వ శతాబ్దం చివర్లో వాటి మీద పాలరాతి ముక్కలు బిగించారు. మన దగ్గర పాలరాతికి బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద, లేదా గాజు పట్టీ. చూడ్డానికి ఎంత తేలికో, అది చెప్పేదాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమూ అంతే తేలిక. అందుకే దీని గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి.

ముందు ప్లాస్టరు సంగతి. బీట మీద నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు మేర రంగును, సున్నాన్ని, పైపూతను గీకి ఇటుక కనబడేదాకా తీయాలి. పైపూత మీదే ముద్ద పెడితే, ఆ పూత గోడ నుంచి ఊడి విడిగా కదిలినా ముద్ద విరుగుతుంది. అప్పుడు గోడ కదలకుండానే కదిలిందనుకుంటాం. గీకిన చోటును బ్రష్‌తో దులిపి, నీళ్లతో తడపాలి. పొడి ఇటుక ప్లాస్టరులోని నీటిని పీల్చేస్తే ముద్ద గట్టిపడకముందే బలహీనమవుతుంది. ఆ తర్వాత చిక్కగా కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను పావు అంగుళం మందాన, బీటకు రెండు పక్కలా సమానంగా పరచాలి. బీట మీదుగా వచ్చే నడిమి భాగాన్ని కాస్త పలచగా ఉంచితే, విరిగేటప్పుడు అక్కడే విరుగుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో తేదీ గీయాలి. తేదీ లేని ముద్ద ఎందుకూ కొరగాదు. రెండేళ్ల తర్వాత ఆ ఇంటికి వచ్చిన ఇంజనీరుకు అది ఎప్పటిదో తెలియకపోతే, దాని మీది చీలిక ఏం చెప్తున్నట్టు?

ఇదే పనికి సిమెంటు ముద్ద పెట్టేవాళ్లూ ఉన్నారు. సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఆ కుంచింపుకే దానిలో వెంట్రుక మందం చీలికలు వస్తాయి. గోడ నిశ్చలంగా ఉన్నా ముద్ద చీలుతుంది. జిప్సం ప్లాస్టరు గట్టిపడేటప్పుడు కుంచించుకోదు, పైగా రవ్వంత వ్యాకోచిస్తుంది. ఇంటి లోపలి గోడలకు అదే మేలు. అయితే అది తడికి ఆగదు. వానజల్లు కొట్టే బయటి గోడకు గాజే వాడాలి.

గాజు పట్టీకి బడి ప్రయోగశాలలో మైక్రోస్కోపు కింద పెట్టే స్లైడు చక్కగా సరిపోతుంది. 75 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు, సుమారు ఒక మి.మీ. మందం. దాని రెండు కొసలను మాత్రమే బీటకు అటూ ఇటూ ఎపాక్సీ జిగురుతో ఇటుకకు అతికించాలి. మధ్యలో రెండంగుళాల మేర గాజు దేనికీ అంటుకోకుండా ఉండాలి. సిలికోన్ లాంటి మెత్తటి జిగురు వాడితే, గోడ కదిలినప్పుడు జిగురే సాగి ఊరుకుంటుంది, గాజు చెక్కుచెదరదు. అప్పుడు బీట ఆగిపోయిందని నమ్మి మోసపోతాం. ఇలాంటిది పట్టుకోవడానికి ఒక చిన్న ఏర్పాటు ఉంది. అతికించిన రోజే గాజు కొసల అంచు వెంట గోడ మీద సన్నటి పెన్సిల్ గీత గీసి పెట్టాలి. నెలల తర్వాత గాజు విరగకుండా ఉన్నా దాని కొస ఆ గీత నుంచి జరిగి ఉంటే, గోడ కదిలింది, జిగురు వదిలింది అని అర్థం.

గాజు ఎంత కదలికకు విరుగుతుంది? ఇది లెక్క వేసి చూడాల్సిన విషయం, పద్ధతి బలం, బలహీనత రెండూ ఇందులోనే ఉన్నాయి. మామూలు గాజును లాగితే తన పొడవులో వెయ్యో వంతు కూడా సాగకముందే విరుగుతుంది. అతుకుల మధ్య వదిలిన భాగం 50 మి.మీ. అనుకుంటే, 0.05 మి.మీ. కదలికకే అది విరగాలి. తలవెంట్రుక మందం కన్నా తక్కువ. కంటికి కనబడని కదలికను పట్టిస్తుంది కాబట్టి ఇది గొప్ప సున్నితత్వమే.

ఇప్పుడు ఇదే గోడ ఎండకు ఏం చేస్తుందో చూద్దాం. ఇటుక గోడ ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 0.006 మి.మీ. పెరుగుతుంది. పడమటి ఎండ పడే నాలుగు మీటర్ల గోడ తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్య 15 డిగ్రీలు వేడెక్కితే 0.36 మి.మీ. పెరగాలి. ఆ పెరుగుదలంతా బీట దగ్గరే కనబడదు. అందులో ఐదో వంతు బీట దగ్గరకు చేరినా 0.07 మి.మీ. అవుతుంది, గాజు విరగడానికి అది చాలు. పునాది గుండ్రాయిలా కదలకుండా ఉన్నా, ఒక్క మే నెల మధ్యాహ్నం గాజును విరవగలదన్నమాట. కాబట్టి విరిగిన గాజును చూసి పునాది కుంగుతోందని గాభరా పడకూడదు. గాజు చెప్పేది ఒక్క మాటే: అతికించాక ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక దిక్కుకు, కనీసం ఇంత మేర కదిలింది. ఎంత కదిలింది, మళ్లీ వెనక్కి వచ్చిందా, ఇంకా కదులుతోందా అన్నవి అది చెప్పదు. ఒకసారి విరిగాక దాని పని అయిపోయింది.

విరగని గాజు కూడా మోసం చేయగలదు, శోళవరం లాంటి చోట్ల మరీ. ఆగస్టులో బీట బాగా విచ్చుకుని ఉన్నప్పుడు అతికించారనుకుందాం. ఆ తర్వాత వచ్చేది వానలు. నేల నాని ఉబ్బితే బీట మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు పట్టీ మీద పడేది లాగుడు కాదు, నొక్కుడు. నొక్కుడును గాజు లాగుడు కన్నా చాలా ఎక్కువగా ఓర్చుకుంటుంది, లేదా జిగురు వదిలి పట్టీయే పక్కకు వస్తుంది. ప్లాస్టరు ముద్దయితే మధ్యలో పైకి లేచి, పొరగా ఊడుతుంది. చూసేవాళ్లు గాజు నిలిచింది కదా అని డిసెంబరులో సిమెంటు కూరేస్తారు. వేసవిలో అది మళ్లీ తెరుచుకుంటుంది. అదే గాజును జనవరిలో పెట్టి ఉంటే ఏప్రిల్ లోపలే విరిగి ఉండేది. ఒకే గోడ, ఒకే గాజు, పెట్టిన నెలను బట్టి రెండు వేర్వేరు జవాబులు.

అందుకే ప్లాస్టరు, గాజు పెట్టిన చోటే పక్కన కొలిచే ఏర్పాటు ఒకటి తప్పకుండా ఉండాలని నేను గట్టిగా అంటాను. అదేమంత ఖరీదైనది కాదు. మూడు చిన్న ఇత్తడి స్క్రూలు, ఒక వెర్నియర్ కాలిపర్ చాలు. బీటకు ఎడమ పక్క ఇటుకలో ఒకదాని కింద ఒకటిగా రెండు స్క్రూలు, కుడి పక్క ఆ రెండింటికీ మధ్య ఎత్తులో ఒక స్క్రూ. ఇవి ఇటుకలో గట్టిగా కూర్చోవాలి, రంధ్రంలో ఎపాక్సీ నింపి బిగిస్తే కదలవు. కుడి స్క్రూ నుంచి ఎడమవైపు పై స్క్రూకు, కింది స్క్రూకు దూరాలు కొలిచి రాసుకోవాలి. రెండు దూరాలూ సమానంగా పెరిగితే బీట నేరుగా తెరుచుకుంటోంది. పై దూరం పెరిగి, కింది దూరం తగ్గితే కుడి పక్క గోడ కిందికి జారుతోంది. గాజు ఎప్పటికీ చెప్పలేని దిక్కు ఈ మూడు స్క్రూలు చెప్తాయి. కొలత ఎప్పుడూ పొద్దున్నే, ఎండ గోడను తాకకముందే తీసుకోవాలి. ఒకరోజు పొద్దున, ఇంకో రోజు మధ్యాహ్నం కొలిస్తే నేల కదలికా, ఎండ వ్యాకోచమూ కలగలిసిపోతాయి. ప్రతి కొలతా మూడుసార్లు తీసి సగటు రాస్తే చేతి పొరపాటు 0.05 మి.మీ. దాటదు.

ఒక ఇల్లు అనుకుని ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. చెరువు దిగువన, మెరక చేసిన మడిలో కట్టిన ఒక అంతస్తు ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మూడడుగుల లోతు పునాది, నైరుతి మూలకు పది అడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు. పడమటి గోడకున్న కిటికీ పైమూల నుంచి నైరుతి మూల వైపు మెట్లు మెట్లుగా ఒక బీట. ఇటుకలు పగలలేదు, వాటి మధ్య అతుకుల వెంట దారి వెతుక్కుంటూ పోయింది. పైన 2 మి.మీ. వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నబడింది. ఈ ఆకారమే సగం సంగతి చెప్తుంది. పైన వెడల్పుగా ఉందంటే ఇంటి మూల మిగతా భాగం నుంచి విడిపోయి కిందికి వంగుతోంది.

జనవరి మధ్యలో, నేల బాగా తడిగా ఉండి బీట సన్నగా ఉన్నప్పుడు, పైన ఒకటి, మధ్యలో ఒకటి స్లైడులు అతికించారు. వాటి పక్కన స్క్రూల ముక్కోణాలు. బీట కొస ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేశారు. పైనున్న ముక్కోణంలో స్క్రూల మధ్య దూరం ఆ రోజు 50.00 మి.మీ. మార్చి మధ్యకు 50.20. ఈలోపు పై గాజు విరిగింది. మే మధ్యకు 50.60, ఆగస్టుకు 50.85. అక్టోబరు మొదటి వానల తర్వాత 50.70, డిసెంబరు మధ్యకు 50.15. మరుసటి జనవరికి 50.05.

ఈ అంకెల్లో చూడాల్సింది ఆగస్టు నాటి 0.85 కాదు. దాన్ని మాత్రమే చూసినవాళ్లు ఇల్లు కూలిపోతుందనుకుంటారు. చూడాల్సింది జనవరికీ జనవరికీ మధ్య తేడా. అది 0.05 మి.మీ., కొలతలో వచ్చే పొరపాటంత. అంటే ఈ మూల ఏడాదిలో ఒక చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటుకే వచ్చింది. నేల ఆరినప్పుడు వేపచెట్టు వేళ్లు ఆ మూలనున్న తేమను మరింత పీల్చి బంకమట్టిని కుంచించాయి, వానలకు అది తిరిగి ఉబ్బింది. బీట బతికే ఉంది, కానీ పెరగడం లేదు.

ఇప్పుడు అదే ఇంట్లో అంకెలు ఇంకోలా వచ్చాయనుకుందాం. జనవరి 50.00, మే 50.65, ఆగస్టు 51.00, డిసెంబరు 50.70, మరుసటి జనవరి 50.60. ఇక్కడా వేసవిలో తెరుచుకుంది, వానలకు మూసుకుంది. గాజు రెండు ఇళ్లలోనూ మార్చిలోనే విరిగింది. గాజుకు ఈ రెండు ఇళ్లకూ తేడా లేదు. కానీ రెండో ఇంట్లో ఏడాది గడిచేసరికి 0.60 మి.మీ. తిరిగి రాకుండా మిగిలిపోయింది. మెరక వేసిన మట్టి ఇంకా అణుగుతూనే ఉండొచ్చు. మూల దగ్గర సెప్టిక్ ట్యాంకు నుంచో పగిలిన పైపు నుంచో నీళ్లు కారి పునాది కింది మన్నును తీసుకుపోతూ ఉండొచ్చు. ఇంకో ఏడాది కొలిచి, ఆ మిగులు తగ్గుతోందో, అంతే ఉందో, పెరుగుతోందో చూడాలి. తగ్గుతుంటే మట్టి అణిగిపోతూ స్థిరపడుతోంది. అంతే ఉన్నా, పెరుగుతున్నా పునాది దగ్గర గొయ్యి తవ్వి చూడక తప్పదు.

ఫ్లోరెన్సు గుమ్మటం విషయంలోనూ ఇదే తేలింది. 1955లో బీటల మీద కొలత సాధనాలు బిగించాక, వాటి వెడల్పు చలికాలానికీ ఎండాకాలానికీ తగ్గుతూ పెరుగుతూ ఉందని, ఆ ఊగిసలాట వెనుక చాలా నెమ్మదైన పెరుగుదల ఒకటి ఉందని కొలతలు చూపించాయి. పాలరాతి ముక్కలు విరగడం వల్ల మాత్రమే ఇది ఎన్నటికీ తెలిసేది కాదు.

ఏడాది ఆగి చూడమనే ఈ సలహా అన్ని ఇళ్లకూ చెల్లదు. శోళవరానికి వాయవ్యంగా ఉన్న శ్రీకాళహస్తిలో, 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. గోపురం మీద పాత బీట ఉన్న సంగతి ఊరందరికీ తెలుసు. కూలడానికి ముందు రోజుల్లో అది అందరి కళ్లెదుటే వెడల్పైంది. ముందే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. అలాంటప్పుడు గాజు పట్టీతో పని లేదు. నెలల్లో రావాల్సిన మార్పు రోజుల్లో వస్తుంటే, ఇవాళ్టి కదలిక నిన్నటి కన్నా ఎక్కువగా ఉంటే, గోడ బయటికి ఉబ్బి తూకపు గుండుకు అందకుండా పోతే, నిన్న మూసుకున్న తలుపు ఇవాళ పట్టుకుంటే, ముందు మనుషుల్ని బయటికి పంపి, గోడకు ఊతకర్రలు పెట్టించాలి. కొలతలు ఆ తర్వాత. 5 మి.మీ. దాటిన బీటనూ, రెండు ఇటుకల మధ్య ఒక అంచు ముందుకు పొడుచుకొచ్చిన బీటనూ ఇంజనీరుకు చూపించకుండా ఇంటివాళ్లే సొంతంగా గాజు అతికించి ఎదురుచూడటం తగదు.

మొదటి ఇంటికి తిరిగి వెళ్దాం, ఎందుకంటే ఎక్కువ ఇళ్లు అలాంటివే. అక్కడ బీటను దేనితో, ఎప్పుడు మూయాలి? ఆగస్టులో బాగా తెరుచుకుని ఉన్నప్పుడు గట్టి సిమెంటు కూరితే, డిసెంబరులో మూసుకోవాల్సిన గోడకు ఆ సిమెంటు ముక్క అడ్డం పడుతుంది. గోడ పక్కనే కొత్త బీట తీస్తుంది. జనవరిలో సన్నగా ఉన్నప్పుడు కూరితే, వేసవికి అదే చోట ఊడుతుంది. ఏడాదిలో 0.85 మి.మీ. కదిలే బీటలో పెట్టే పదార్థం ఆ మేరకు సాగాలి, ముడుచుకోవాలి. ఇక్కడ కావాల్సింది సాగే సీలెంటే. గాజు అతికించేటప్పుడు తప్పయిన సాగే గుణమే ఇక్కడ ఒప్పు. దాన్ని కూడా బీటలోకి పలచగా పూస్తే తెగుతుంది. బీటను 10 మి.మీ. వెడల్పు కాడిగా చెక్కి, అడుగున ఫోము తాడు పెట్టి, దాని మీద నింపాలి. అప్పుడు 0.85 మి.మీ. కదలిక ఆ వెడల్పులో పదకొండో వంతుకు లోపే ఉంటుంది, సీలెంటు సులువుగా తట్టుకుంటుంది. ఏప్రిల్ ప్రాంతంలో, బీట సగం తెరుచుకుని ఉన్నప్పుడు ఈ పని చేస్తే అటూ ఇటూ సమానంగా సాగుతుంది.

దానితోపాటు ఇంటి చుట్టూ మూడడుగుల మేర బయటికి వాలుగా కాంక్రీటు పట్టీ పోయించాలి. పైకప్పు నీళ్లు మూల దగ్గర పడకుండా గొట్టంతో దూరంగా వదలాలి. ఇవి ఆ మూల తేమలో వచ్చే ఎగుడుదిగుళ్లను తగ్గిస్తాయి. వేపచెట్టును ఒక్క రోజులో నరికించడం మాత్రం తొందరపాటు. ఏళ్లుగా అది పీలుస్తున్న తేమ ఒక్కసారిగా మన్నులోనే నిలిచిపోతే, ఎండి కుంచించి ఉన్న బంకమట్టి మెల్లగా ఉబ్బి ఆ మూలను ఇంతకుముందెన్నడూ లేనంత పైకి ఎత్తగలదు. కొమ్మలు కొట్టించి, పందిరి చిన్నది చేసి, ఏటా తేమ వాడకాన్ని తగ్గిస్తూ పోవడం మేలు.

సీలెంటు నింపాక గాజు ముక్కలను గీకేయొచ్చు. స్క్రూలను మాత్రం తీయకూడదు. రంగు వేసేటప్పుడు వాటి తలల మీద రంగు పేరుకోకుండా టేపు అంటించి, మరుసటి ఏడాది కూడా జనవరి, మే, ఆగస్టు, డిసెంబరు నెలల్లో పొద్దున్నే కొలిచి, పాత కొలతలున్న అదే పుస్తకంలో, అదే వరుస కింద రాయాలి. కాంక్రీటు పట్టీ, కొమ్మలు కొట్టడం పని చేశాయా లేదా అన్నది ఆగస్టు కొలత చెప్తుంది. అది 50.85 కన్నా బాగా తక్కువకు దిగితే ఆ మూల తేమ స్థిరపడుతోంది. అక్కడే నిలిస్తే నీళ్లు ఇంకో దారిన వస్తున్నాయి, పైపులు వెతకాలి.